ఫ్రిజ్‌లో ఉండాల్సిన సీసా: వెర్మూత్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ముంబైలోనూ గోవాలోనూ పదకొండేళ్లు హోటల్ బార్లలో పనిచేసి, ఇప్పుడు సొంత ఊరు బరంపురంలో స్థిరపడ్డాను. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి, సరిహద్దు అవతల ఇచ్ఛాపురం నుంచి వచ్చే చుట్టాలు, స్నేహితులు మా ఫ్రిజ్ తలుపు తీసి, పాల ప్యాకెట్ల పక్కన నిలబెట్టిన సీసాను చూసి అడిగే ప్రశ్నలే ఇవన్నీ. ఒకే జవాబు పదిసార్లు చెప్పడం కన్నా రాసిపెట్టడం మేలనిపించింది. ఇక్కడా అటు ఆంధ్రలోనూ చట్టం 21 ఏళ్లు నిండినవాళ్లకే అనుమతి ఇస్తుంది కాబట్టి ఈ కబుర్లు కూడా వాళ్లకే.

వెర్మూత్ అంటే ఏమిటి? వైనా, మద్యమా, మందా?

ముందుగా వైన్. తక్కినవన్నీ ఆ తరువాతే. ద్రాక్ష రసం పులిసి వైన్ అవుతుంది. అందులో కొంచెం ఘాటైన ద్రాక్ష సారా కలిపి ఆల్కహాల్ శాతం పెంచుతారు. వేర్లు, బెరడులు, ఆకులు, నారింజ తొక్కలు, దాల్చినచెక్క వంటి దినుసులను నానబెట్టి ఆ వాసనను వైన్‌లోకి దించుతారు. చివర రకాన్ని బట్టి తీపి కలుపుతారు. ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం సీసాలో కనీసం నాలుగింట మూడు వంతులు వైన్ ఉండాలి, ఆల్కహాల్ 14.5 నుంచి 22 శాతం మధ్య ఉండాలి. దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా 15 నుంచి 18 శాతం మధ్యలో ఉంటాయి.

మన పెద్దలకు చెప్పవలసి వస్తే ద్రాక్షారిష్టాన్ని గుర్తు చేస్తాను. అక్కడా ద్రాక్ష ఉంది, దినుసులున్నాయి, పులియడం ఉంది. తేడా ఏమిటంటే అది చెంచాతో కొలిచి తాగే మందు, ఇది భోజనానికి ముందు ఆకలి పుట్టించడానికి తాగే పానీయం. వెర్మూత్ కూడా కడుపుకు మంచిదన్న పేరుతోనే మొదలైంది. ఆ పేరు ఇప్పుడు ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను.

ఇందులో వైన్ పాలు ఎంతో గుర్తుంచుకోండి. కింద వచ్చే కష్టాలన్నీ అక్కడి నుంచే పుడతాయి.

ఆ చేదు దేనిది? మనకు తెలిసిన మొక్కేనా?

మొక్క మనది కాదు గానీ దాని వంశం మనకు బాగా తెలుసు. వెర్మూత్ అన్న పేరే జర్మన్ భాషలో ఒక చేదు మొక్క పేరు. శాస్త్రీయంగా అది ఆర్టెమీసియా జాతి. వినాయక చవితి నాడు ఏకవింశతి పత్రి పూజలో మొట్టమొదట చదివే మాచీపత్రం ఆ జాతిదే. పూలదండల్లో గుచ్చే దవనమూ ఆ జాతిదే. దవనం రెమ్మను వేళ్ల మధ్య నలిపి వాసన చూసినవారికి, మంచి వెర్మూత్ గ్లాసును ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే ఏదో పాత చుట్టరికం తగులుతుంది. నాకు మాత్రం ప్రతిసారీ తగులుతుంది.

కొట్లో వెర్మూత్ అడిగితే ‘మార్టినీ’ అని రాసిన సీసా ఇచ్చారు. మోసమా?

మోసం కాదు, పేర్ల గందరగోళం. మార్టినీ అన్నది ఇటలీలోని టూరిన్ ప్రాంతంలో వెర్మూత్ తయారుచేసే ఒక పాత సంస్థ పేరు కూడా. ఆ సీసాలో ఉన్నది వెర్మూత్. మార్టినీ అనే కాక్‌టెయిల్ వేరు. అది జిన్‌లో వెర్మూత్ కలిపి గ్లాసులో చేసుకునేది. మా మేనమామగారు ఒకసారి ఆ సీసా కొని, కాక్‌టెయిల్ సిద్ధంగా వచ్చేసిందనుకుని ఐసు వేసి పూర్తి గ్లాసు నింపుకొన్నారు. ఆయనకు నచ్చింది కూడా. ఇటలీలో అలా ఐసు వేసి ఉత్తినే తాగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆయన తెలియకుండానే సరిగ్గా చేశారు.

ఎర్రది, తెల్లది అంటారు. ఏది దేనికి?

మార్టినీకి తెల్లగా ఉండే డ్రై వెర్మూత్. నెగ్రోనీ అనే మరో కాక్‌టెయిల్‌కు ఎర్రటి స్వీట్ వెర్మూత్. డ్రై అంటే ఇక్కడ తీపి తక్కువ అని అర్థం: లీటరుకు 50 గ్రాముల కన్నా తక్కువ చక్కెర. ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని రాసి ఉంటే 30 గ్రాముల లోపు. స్వీట్‌లో 130 గ్రాములు, అంతకు మించి. ఎర్ర వెర్మూత్ ఎర్ర ద్రాక్షతో చేస్తారనుకోవడం సహజమే గానీ అందులోనూ ఎక్కువగా తెల్ల వైనే ఉంటుంది. రంగు చాలావరకు మాడ్చిన చక్కెర వల్ల వస్తుంది. కొట్టువాడు ‘రెండూ ఒకటే సార్’ అంటే నమ్మి ఎర్రదాన్ని జిన్‌లో పోసి మార్టినీ అనుకోకండి.

ఎర్ర రకానికి టూరిన్‌లో 1786లో ఆంటోనియో బెనెదెత్తో కార్పానో చేసిన తయారీని, తెల్ల డ్రై రకానికి ఫ్రాన్స్‌లో 1813 నాటి జోసెఫ్ నోయీ తయారీని పుట్టిళ్లుగా చెప్పుకొంటారు.

విస్కీ సీసా తెరిచి ఏడాదైనా పాడవదు. ఇది నెలకే ఎందుకు పాడవుతుంది?

విస్కీ, రమ్ము, జిన్ కాచి దించినవి. వాటిలో 40 శాతం పైనే ఆల్కహాల్ ఉంటుంది. గాలి తగిలి త్వరగా చెడేంత సున్నితమైన పదార్థాలు వాటిలో బాగా తక్కువ. వెర్మూత్ సంగతి అలా కాదు. అది కాచనిది. ద్రాక్ష నుంచి వచ్చిన పదార్థాలు, ఆకుల తైలాలు, తొక్కల పరిమళం అన్నీ అలాగే ఉంటాయి. కలిపిన కాస్త సారా దాన్ని మామూలు వైన్ కన్నా కొంత గట్టిపరుస్తుందే తప్ప విస్కీని చేయదు.

శత్రువు గాలిలోని ఆక్సిజన్. వంకాయ కోయగానే ఉప్పునీళ్లలో ఎందుకు వేస్తాం? గాలి తగిలితే నల్లబడుతుందని. లోపల జరిగేది అచ్చంగా అదే కాదు గానీ దోషి మాత్రం ఒకరే. వైన్‌లోని ఫినాల్ పదార్థాలతో ఆక్సిజన్ కలిసినప్పుడు రంగు గోధుమ వైపు తిరుగుతుంది. ఆ క్రమంలోనే కొంత ఆల్కహాల్ మారి అసిటాల్డిహైడ్ అవుతుంది. కోసి పెట్టిన ఆపిల్ ముక్క వాసన దానిదే. నిమ్మ, నారింజ తొక్కల తాజా పరిమళం అన్నిటికన్నా ముందు పోతుంది. తయారీదారులు రక్షణ కోసం కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. మూత తెరిచాక అది క్రమంగా ఖర్చయిపోతుంది. ఆ తరువాత ఆక్సిజన్‌ను ఆపేవాడు ఉండడు.

ఇక్కడే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. 750 మిల్లీలీటర్ల సీసా సగం ఖాళీ అయితే, ఖాళీ అయిన ఆ 375 మిల్లీలీటర్లు నిజానికి ఖాళీ కావు, గాలితో నిండి ఉన్నాయి. ఆ గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. మీరు మూత తీసి పోసుకున్న ప్రతిసారీ కొత్త గాలి లోపలికి వెళుతుంది. అందుకే సీసా చివరి సగం మొదటి సగం కన్నా చాలా వేగంగా చెడుతుంది.

దీనికి వేడి తోడైతే చెప్పనక్కరలేదు. ఇలాంటి మార్పులు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగంతో జరుగుతాయని ఒక మోటు లెక్క. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు, మే నెలలో మా హాల్లో 34 డిగ్రీలు. మధ్య తేడా 30 డిగ్రీలు, అంటే మూడుసార్లు రెట్టింపు, ఎనిమిది రెట్లు. ఫ్రిజ్‌లో నెల రోజులు నిలిచేది హాల్లో నాలుగు రోజులు నిలవాలి. ఐరోపా పుస్తకాల్లో ‘చల్లని అలమరలో ఉంచండి’ అని రాస్తారు. గంజాం జిల్లాలో చల్లని అలమర అంటే అర్థం ఫ్రిజ్ అనే.

అంటే కల్లులా పులిసిపోతుందన్నమాట?

కాదు. ఇది అందరూ చేసే పొరపాటు. మన వైపు తాటికల్లు, ఈతకల్లు, కొండల మీద జీలుగు కల్లు ఎరిగినవాళ్లకు ‘పాడవడం’ అంటే పులియడమే. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పుల్లబడుతుంది. అక్కడ పని చేసేవి సూక్ష్మజీవులు: మొదట చక్కెరను ఆల్కహాల్ చేసేవి, ఆ తరువాత ఆల్కహాల్‌ను పులుపు చేసేవి. వెర్మూత్‌లో ఆల్కహాల్ పదహారు శాతం దాటినప్పుడు వెనిగర్ బాక్టీరియాకు బతకడం కష్టం. అందువల్ల అది సాధారణంగా వెనిగర్‌గా మారదు, చప్పబడుతుంది.

ఈ తేడా ఎందుకు చెప్పాలంటే, పులుపు కోసం వెతికేవాళ్లు చచ్చిన వెర్మూత్‌ను పట్టుకోలేరు. ‘ఏం పుల్లగా లేదే, బాగానే ఉంది’ అంటారు. పులియడం కల్లు మరణం. వెర్మూత్ మరణం అగరువత్తి ఆరిపోయినట్టు ఉంటుంది: పుల్ల అలాగే నిలబడి ఉంటుంది, వాసన పోతుంది.

తెరిచాక కచ్చితంగా ఎన్నాళ్లు ఉంటుంది?

ఫ్రిజ్‌లో అయితే డ్రై వెర్మూత్‌ను నెల రోజుల్లోపు, స్వీట్‌ను నెలన్నర నుంచి రెండు నెలల్లోపు ముగించేయమంటాను. స్వీట్‌లో చక్కెర, మాడ్చిన చక్కెర, ఘాటైన దినుసులు ఎక్కువ కాబట్టి లోపం కాస్త ఆలస్యంగా బయటపడుతుంది. డ్రైకి దాక్కునే చోటు లేదు.

ఇది నేను మా ఇంట్లోనే పరీక్షించి చూశాను. ఇక్కడికి వచ్చిన రెండో వేసవిలో, మే మొదటి వారంలో, ఒకేసారి కొన్న రెండు డ్రై వెర్మూత్ సీసాలు ఒకే సాయంత్రం తెరిచాను. రెండింటి నుంచీ గ్లాసు గ్లాసు పోసుకున్నాం. ఒకటి ఫ్రిజ్ తలుపులో పెట్టాను. రెండోది హాల్లో కొండపల్లి బొమ్మల పక్కన అద్దాల అలమరలో పెట్టాను. మా బావగారికి ఏది ఏదో చెప్పకుండా రుచి చూపించాలని ఏర్పాటు.

నాలుగో రోజు బావగారు తేడా చెప్పలేకపోయారు. నాకు మాత్రం హాలు సీసాలో నిమ్మతొక్క వాసన వెనక్కి తగ్గినట్టు అనిపించింది. అనిపించిందనే అంటున్నాను, ఎందుకంటే ఏది ఏదో నాకు ముందే తెలుసు. ఎనిమిదో రోజు ఆయన రెండో గ్లాసు వాసన చూసి ‘ఇందులో వేరుశనగ తొక్క నానింది’ అన్నారు. వెలుతురులో పట్టి చూస్తే ఒకటి లేత గడ్డి రంగు, రెండోది నీళ్లు కలిపిన తేనె రంగు. పదిహేనో రోజుకు హాలు సీసాలో కోసి మరచిపోయిన ఆపిల్ ముక్క వాసన తప్ప ఏమీ లేదు, నాలుక మీద చేదు మాత్రం మిగిలింది. ముప్పయ్యో రోజు ఫ్రిజ్ సీసా మొదటి రోజంత చురుగ్గా లేదు గానీ మార్టినీ చేసుకుంటే లోపం తోచలేదు. హాలు సీసాను ఆ రోజు తొట్టిలో పారబోశాను. ఆ తరువాత మా బావగారు తన బీరువాలో ఏడాదిన్నరగా దాచుకున్న స్వీట్ వెర్మూత్ గురించి నాతో ఏమీ చెప్పకుండా దాన్ని కూడా పారబోశారని అక్క చెప్పింది.

నా సీసా బతికి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

చల్లగా ఉన్నప్పుడు వాసన అణగి ఉంటుంది కాబట్టి చిన్న గ్లాసులో కొద్దిగా పోసి పది నిమిషాలు బయట ఉంచండి. డ్రై అయితే మొదట రంగు చూడండి. తెరిచిన రోజు ఫోన్‌లో ఒక ఫోటో తీసిపెట్టుకుంటే పోల్చుకోవడం తేలిక. తరువాత వాసన. తాజా సీసాలో ఆకు వాసన, తొక్క వాసన విడివిడిగా తెలుస్తాయి. పాతబడ్డాక అవి కలిసిపోయి ఒకే మందకొడి వాసన అవుతుంది: వాల్‌నట్ తొక్క, పాత కిస్‌మిస్, తడిసిన అట్టపెట్టె. చివరగా ఒక గుక్క. మింగాక చేదు ఒక్కటే మిగిలి, వెనక పరిమళం ఏదీ రాకపోతే అది అయిపోయినట్టే.

ఒక్క మినహాయింపు ఉంది. ఫ్రాన్స్‌లో నోయీ ప్రా సంస్థ తన డ్రై వెర్మూత్‌కు వాడే వైన్‌ను పీపాల్లో పోసి ఆరుబయట ఎండకూ వానకూ ఏడాది పాటు వదిలేస్తుంది. అందువల్ల దానిలో కొంచెం గింజల వాసన మొదటి నుంచే ఉంటుంది. అది తయారీదారు కొలిచి పెట్టిన ఆక్సిజన్. బరంపురం అలమరలో మనం పెట్టేది కొలత లేనిది.

సరిగ్గా దాచడం ఎలా?

నిలువుగా, గట్టిగా మూత బిగించి, ఫ్రిజ్‌లో. పడుకోబెడితే సగం ఖాళీ సీసాలో గాలికి తగిలే ఉపరితలం పెరుగుతుంది. సీసా మీద తెరిచిన తేదీ రాయండి. మా ఇంట్లో ఊరగాయ జాడీలకు అంటించే కాగితపు ముక్కే దీనికీ అంటిస్తాను.

అసలు ఇబ్బంది దాచడం కాదు, లెక్క. మార్టినీకి 12 మిల్లీలీటర్ల వెర్మూత్ పోస్తే ఒక సీసా 62 గ్లాసులకు వస్తుంది. వారానికి రెండు గ్లాసులు తాగే మనిషికి అది ఏడు నెలలు. నెలలో చెడే వస్తువును ఏడు నెలలకు సరిపడా కొంటున్నాం. చిన్న 375 మిల్లీలీటర్ల సీసా దొరికితే ధర లెక్క చూడకుండా అదే కొనండి.

దొరకకపోతే నేను చేసేది ఇది. తెరిచిన సాయంత్రమే మొత్తం వెర్మూత్‌ను నాలుగు ఖాళీ క్వార్టర్ సీసాల్లోకి మార్చేస్తాను. 180 మిల్లీలీటర్లవి, గాజువి మాత్రమే. ప్లాస్టిక్‌వి గాలిని కొంత లోపలికి రానిస్తాయి. కొన్ని సీసాల మెడలో తిరిగి నింపకుండా ఒక బిరడా అమర్చి ఉంటుంది, అవి పనికిరావు. రమ్ము వాసన పోయేదాకా వేడినీళ్లతో కడిగి, బోర్లించి పూర్తిగా ఆరబెట్టాలి. మూత లోపలి పొర కూడా వాసన చూసుకోండి, రమ్ము అక్కడే దాక్కుంటుంది. గరాటుతో అంచు దాకా, వేలెడు ఖాళీ కూడా మిగలకుండా నింపి బిగించాలి. అంచు దాకా పోస్తే ఒక్కొక్కటి 180 కన్నా కొంచెం ఎక్కువే పడుతుంది కాబట్టి పెద్దగా మిగలదు. మిగిలిన గుక్క ఆ రాత్రిది. ఇలా నింపినవి ఫ్రిజ్‌లో మూడు నెలలకు పైగా నాకు బాగానే ఉన్నాయి, ఎందుకంటే మీరు ఒకటి తెరిచినప్పుడు తక్కిన మూడింటికి గాలి తగలదు.

గాలి పీల్చేసే చేతిపంపులు అమ్ముతారు. అవి గాలిని పూర్తిగా తీయలేవు, తీసేటప్పుడు పరిమళాన్ని కూడా కొంత లాగేస్తాయి. క్వార్టర్ సీసా వాటికన్నా చవక, మెరుగు.

తెరవని సీసా సంగతి?

తెరవనిది ఏడాది, రెండేళ్లు ఆగుతుంది గానీ వేడి దానికీ పడదు. ఎండ పడే కిటికీ దగ్గర నుంచి, ఎండలో నిలిపిన కారులో నుంచి దూరంగా ఉంచండి. కొనేటప్పుడు దుకాణం ముందు వరుసలో, ట్యూబులైటు కింద, దుమ్ము పట్టి నిలబడిన సీసా వద్దని లోపలిది అడగండి. విశాఖపట్నం నుంచో మరెక్కడి నుంచో తెచ్చుకొనేవాళ్లు రాష్ట్ర సరిహద్దు దాటించే ముందు ఎక్సైజు నిబంధన కనుక్కోవాలి. ఆ విషయంలో నేను సలహా ఇవ్వను.

తుపానుకు కరెంటు పోతే?

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్‌లో కాపాడుకోవలసినవి చాలా ఉంటాయి, వెర్మూత్ ఆ వరుసలో చివరిది. రెండు రోజుల వేడి దాన్ని చంపదు, వయసు పెంచుతుంది. వారం అయితే రుచి చూసి నిర్ణయించుకోండి.

మార్టినీలో వెర్మూత్ అంత తక్కువ కదా. అది చెడితే ఏం తెలుస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువ అక్కడే తెలుస్తుంది. మార్టినీలో జిన్, డ్రై వెర్మూత్, ఐసు కరిగిన నీళ్లు తప్ప మరేమీ లేవు. తీపి లేదు, పండ్ల రసం లేదు. తెల్ల పంచె మీద మరక లాంటిదే.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నా అభిప్రాయం. ‘మార్టినీలో వెర్మూత్ ఎంత తక్కువ ఉంటే అంత గొప్ప’ అనే పద్ధతి చాలావరకు చెడిన సీసాల వల్లే బలపడింది. తొలినాళ్ల మార్టినీల్లో వెర్మూత్ పాలు చాలా ఎక్కువ, సగానికి సగం కూడా పోసేవారు. తరువాత తగ్గుతూ తగ్గుతూ, గ్లాసును వెర్మూత్‌తో కడిగి పారబోసి జిన్ పోసే దాకా వచ్చింది. బార్ వెనక అలమరలో ఏడాదిగా నిలబడ్డ సీసా నుంచి పోస్తే ఎవరైనా ‘తగ్గించు’ అనే అంటారు. వాళ్లు తప్పించుకున్నది వెర్మూత్‌ను కాదు, చచ్చిన వెర్మూత్‌ను.

తాజా సీసా ఉన్నప్పుడు నేను చేసే కొలత: జిన్ 60 మిల్లీలీటర్లు, డ్రై వెర్మూత్ 12. మొదటిసారి తాగేవారికి వెర్మూత్‌ను 20 దాకా పెంచుతాను. గ్లాసును ముందే ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒక లోటాలో నిండా గట్టి ఐసు వేసి, రెండూ పోసి, పొడవాటి చెంచాతో అర నిమిషం నెమ్మదిగా తిప్పి వడకట్టాలి. ఆ అర నిమిషంలో 15 నుంచి 20 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి, అవీ కొలతలో భాగమే. చెమట పట్టిన తడి ఐసు వేస్తే నీళ్లు మరీ ఎక్కువవుతాయి. గోపాలపూర్ గాలిలో ఐసు బయట రెండు నిమిషాలు ఉన్నా చాలు, తడిసిపోతుంది. ఫ్రీజర్ నుంచి తిన్నగా లోటాలోకి వేయాలి. పైన నిమ్మతొక్క మెలిపెట్టి దాని నూనె చిలకరించాలి. మన చిన్న నిమ్మకాయ తొక్క కొంచెం మొరటు. గజనిమ్మ దొరికితే మేలు.

వెర్మూత్ చేసే పని ఏమిటో తెలియాలంటే ఒకసారి అది లేకుండా ఇదే చేసి చూడండి. చల్లని జిన్ వస్తుంది, అంతే. వెర్మూత్ జిన్ అంచును అరగదీస్తుంది, కొద్దిపాటి పులుపూ ఆకు వాసనా ఇస్తుంది, నోటిలో పలచబడకుండా కాస్త బరువు ఇస్తుంది.

నెగ్రోనీలో?

అక్కడ అది చెంచాడు కాదు, మూడో వంతు. జిన్ 30, క్యాంపారీ అనే చేదు మద్యం 30, స్వీట్ వెర్మూత్ 30. పెద్ద ఐసు ముక్కల మీద గ్లాసులోనే కలిపి, నారింజ తొక్క వేస్తారు. అది లేకపోతే కమలా తొక్క వేయండి. 1919 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో కామిల్లో నెగ్రోనీ అనే కౌంట్, క్యాంపారీ, వెర్మూత్, సోడా కలిసిన అమెరికానో అనే పానీయంలో సోడాకు బదులు జిన్ పోయమని ఫోస్కో స్కార్సెల్లి అనే బార్ మనిషిని అడిగారని కథ. సోడా వద్దనుకున్నవాళ్ల సంప్రదాయం మన వైపు కూడా ఉంది కాబట్టి ఈ కథ మనకు తేలిగ్గా అర్థమవుతుంది.

క్యాంపారీ పదునైన చేదు, జిన్ ఘాటు. ఈ రెండింటినీ ఒక చోట కూర్చోబెట్టేది వెర్మూత్. చెడిన వెర్మూత్ పోసినా నెగ్రోనీ తాగలేనంత ఘోరంగా ఉండదు, క్యాంపారీ చాలా దోషాలు కప్పుతుంది. కానీ చేదు ఒక వైపు, తీపి ఒక వైపు విడిపోయి, మధ్యలో దినుసుల పరిమళం ఉండవలసిన చోట ఖాళీ కనిపిస్తుంది. ‘నెగ్రోనీ దగ్గు మందులా ఉంది’ అనేవాళ్లలో సగం మంది తాగింది అలాంటిదే. తక్కిన సగం మందికి నిజంగానే నచ్చదు, అది వాళ్ల ఇష్టం.

గ్లాసు చిన్నదని మోసపోకండి. 42.8 శాతం జిన్, 25 శాతం క్యాంపారీ, 16 శాతం వెర్మూత్ చొప్పున లెక్కవేస్తే ఒక నెగ్రోనీలో సుమారు 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది కూడా దాదాపు అంతే.

క్యాంపారీని కూడా ఫ్రిజ్‌లో పెట్టాలా?

అక్కరలేదు. అది వైన్ కాదు, సారాలో దినుసులు నానబెట్టి బోలెడు చక్కెర కలిపినది. జిన్ అంతకన్నా మొండి. నెగ్రోనీ సీసాలు మూడింటిలో ఫ్రిజ్‌లో చోటు కావలసింది ఒక్క వెర్మూత్‌కే.

బార్‌లో ఆర్డర్ చేసే ముందు ఎలా కనిపెట్టాలి?

‘వెర్మూత్ ఎక్కడ పెడతారు?’ అని మర్యాదగా అడగండి. ఫ్రిజ్ వైపు చూపిస్తే ధైర్యంగా మార్టినీ చెప్పండి. వెనక అలమర వైపు చూపిస్తే జిన్, టానిక్ నీళ్లు చెప్పండి. సముద్రపు ఒడ్డున ఒక హోటల్‌లో నాకు అలమరలోని సీసా చూపించి, ‘ఇది మూడేళ్ల పాతది, బాగా మాగింది సార్’ అన్నారు. కుర్రాడు నిజాయితీగానే చెప్పాడు. మద్యం పాతబడితే మంచిదని అతనికి ఎవరో నేర్పారు, ఇది వైనని ఎవరూ నేర్పలేదు.

వైన్‌లో మాచిపత్రి నానబెట్టి ఇంట్లో చేసుకోవచ్చా?

వద్దు. ఒకే జాతి అంటే ఒకే మొక్క అని కాదు. ఈ జాతి మొక్కల్లో కొన్నింటిలో మోతాదు మించితే హాని చేసే పదార్థాలున్నాయి, తయారీదారులు వాటిని కొలిచి వాడతారు. పూజ పత్రి పూజకే ఉంచండి.

చెడినది తాగితే ఒంటికి ప్రమాదమా?

పాతబడి చప్పబడినది రుచికే నష్టం, ఆరోగ్యానికి కొత్త ప్రమాదమేమీ తేదు. పైన తెట్టు కట్టినా, బూజు కనిపించినా, ముక్కును పొడిచే వాసన వచ్చినా పారబోయండి.

పాతబడింది గానీ పూర్తిగా చావలేదు. ఏం చేయాలి?

డ్రై అయితే వంటింటికి పంపండి. చిలికా రొయ్యలు దొరికిన రోజు బాణలిలో వెన్న, దంచిన వెల్లుల్లి, ఎండుమిరప వేసి, రొయ్యలు రెండు వైపులా రంగు మారగానే తీసి పక్కన పెట్టండి. అదే బాణలిలో 60 మిల్లీలీటర్ల వెర్మూత్ పోసి, అడుగున అంటుకున్నది గీకుతూ సగానికి ఇగరనివ్వండి. మంట దగ్గరగా ఉంటే ఆవిరి అంటుకోవచ్చు, కాబట్టి పోసేటప్పుడు పొయ్యి తగ్గించండి. రొయ్యలు మళ్లీ వేసి ఒక నిమిషం తిప్పి దించేయండి. ఉప్పు ఆఖర్న, రుచి చూసి. చిలికా రొయ్యకు ఉప్పు ముందే కొంత ఉంటుంది.